మూడు చుక్కలు సముద్రం దాటిన మధ్యాహ్నం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీవారు నన్ను అరగంట మాట్లాడమన్నారు. "హైటెక్ సిటీలో వైర్‌లెస్ పని చేస్తావు కదా, ఏదైనా సైన్సు విషయం చెప్పు, కానీ భోజనాల ముందు కాబట్టి నిద్ర రాకుండా చూడు" అని షరతు కూడా పెట్టారు. అందుకని ఒక్క మధ్యాహ్నం కథ చెబుతాను. 1901 డిసెంబరు 12, గురువారం. ఆ రోజు అట్లాంటిక్ మహాసముద్రం అవతలి నుంచి వచ్చిన మూడు చుక్కల్ని ఒక మనిషి విన్నానన్నాడు. నిజంగా విన్నాడా, లేదా అన్నది నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఇంజినీర్లు వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన అర్థమైతే, మన ఇళ్లలో రేడియో రాత్రిపూట ఎందుకు అంత దూరం పలికేదో అర్థమవుతుంది.

ముందుగా నా పరువు తీసే సంగతి ఒకటి చెప్పాలి. తొమ్మిదో తరగతిలో సైన్స్ ఎగ్జిబిషన్ కోసం నేనొక క్రిస్టల్ సెట్ తయారుచేశాను. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న ఒక జెర్మేనియం డయోడు, గ్యాంగ్ కండెన్సరు, అట్టగొట్టం మీద చుట్టిన రాగితీగ, ఒక ఇయర్‌ఫోను. బ్యాటరీ అక్కర్లేదు. మన బడి వెనకున్న చింతచెట్టు మీదకు అరవై అడుగుల తీగ ఎక్కించాను. హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద చక్కగా వినిపించింది. అంతటితో ఊరుకోక, మధ్యాహ్నం హైదరాబాద్ ప్రసారం విరామం తీసుకున్న వేళ, "సార్, విజయవాడ కూడా వస్తోంది" అన్నాను. మా భౌతికశాస్త్రం మాస్టారు వచ్చి నా వెనక నిలబడ్డారు. "వస్తోందా?" "వస్తోంది సార్, సన్నగా పాట." ఒక నిమిషం తర్వాత మళ్లీ అడిగారు. "ఇప్పుడో?" "ఇప్పుడూ వస్తోంది సార్." వెనక్కి తిరిగి చూస్తే ఏరియల్ తీగ చివర ఆయన చేతిలో ఉంది. ఎప్పుడు ఊడదీశారో నాకు తెలియదు. ఆయన తిట్టలేదు. "విన్నావా, వినాలనుకున్నావా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయారు.

ఆ ప్రశ్నను జేబులో పెట్టుకుని 1901కి వెళదాం.

గుగ్లియెల్మో మార్కోనీ అప్పటికి ఇరవై ఏడేళ్ల కుర్రాడు. విద్యుదయస్కాంత తరంగాలను 1888 నాటికే హెర్ట్జ్ ప్రయోగశాలలో చూపించాడు. మార్కోనీ వాటితో తీగల్లేని టెలిగ్రాఫు నడిపాడు. ఇంగ్లిష్ చానెల్ దాటించాడు, ఓడలకు అమర్చాడు. ఇప్పుడు అట్లాంటిక్ దాటిస్తానన్నాడు. పెద్దవాళ్లు చాలామంది నవ్వారు. వాళ్ల నవ్వు అజ్ఞానంతో వచ్చింది కాదు. వాళ్ల లెక్క సరైనదే. ఈ తరంగాలు వెలుతురు లాంటివి, తిన్నగా పోతాయి. భూమి గుండ్రంగా ఉంది.

ఆ లెక్క మనమూ వేసి చూద్దాం. రెండు ఊళ్ల మధ్య తిన్నగా గీత గీస్తే, మధ్యలో భూమి ఎంత ఎత్తు ఉబ్బుతుంది? దూరాన్ని దూరంతో గుణించి, భూమి వ్యాసానికి నాలుగు రెట్లతో భాగిస్తే సుమారుగా వస్తుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ తిన్నగా సుమారు 250 కిలోమీటర్లు. ఉబ్బు కిలోమీటరు పైచిలుకు. అంటే మధ్యలో ఒక పెద్ద కొండ అడ్డం నిలబడినట్టు. ఇంగ్లండులోని పోల్డూ నుంచి న్యూఫౌండ్‌లాండ్‌కు సుమారు 3,500 కిలోమీటర్లు. అక్కడ ఉబ్బు 240 కిలోమీటర్లు. ఎవరెస్టు మీద ఎవరెస్టు పేర్చుకుంటూ పోతే ఇరవై ఏడు కావాలి. అరవై మీటర్ల స్తంభం ఎక్కి చూసినా మనకు దిగంతం 28 కిలోమీటర్ల దూరంలోనే ఆగిపోతుంది. తరంగం కొంచెం వంగుతుంది, నిజమే, కానీ ఇంత ఉబ్బును చుట్టి వచ్చేంత వంగదు. కాగితం మీద ఈ ప్రయోగం జరిగే పని కాదు. మార్కోనీ దగ్గర దీనికి సమాధానం లేదు. దూరం పెంచిన ప్రతిసారీ లెక్క చెప్పినదానికంటే ఎక్కువ దూరమే అందుతోందన్న అనుభవం ఒక్కటే ఆయనకున్న ధైర్యం.

పంపే కేంద్రాన్ని కార్న్‌వాల్ సముద్రతీరంలో పోల్డూ అనే చోట కట్టారు. దాన్ని రూపొందించినవాడు జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి సూత్రాలతో మనందరి చేతివేళ్లూ మెలితిప్పించిన ఫ్లెమింగే. అప్పటి వైర్‌లెస్ పరికరాలు బల్ల మీద పట్టేవి. ఫ్లెమింగ్ అక్కడ చమురు ఇంజనుతో తిరిగే 25 కిలోవాట్ల ఆల్టర్నేటర్ పెట్టాడు. దాని కరెంటును ట్రాన్స్‌ఫార్మర్లతో పెంచి, కండెన్సర్లలో నింపి, రెండు గుండ్ల మధ్య ఒక్కసారిగా స్పార్కుగా వదిలేవారు. ఆ స్పార్కు ఏరియల్‌ను ఊపితే తరంగం పుట్టేది. ఏరియల్ కోసం 200 అడుగుల స్తంభాలు ఇరవై, వలయాకారంలో నిలబెట్టారు. 1901 సెప్టెంబరులో గాలివాన వచ్చి ఆ ఇరవైనీ పడగొట్టింది. వేరొకరైతే మరుసటి ఏడాదికి వాయిదా వేసేవారు. మార్కోనీ రెండే స్తంభాలు నిలబెట్టించి, వాటి మధ్య తాడుకు యాభైకి పైగా తీగలు విసనకర్రలా వేలాడదీయించాడు. అమెరికా తీరంలో కట్టిన జంట కేంద్రం కూడా నవంబరులో గాలికి కూలింది. దాంతో మకాం మార్చి, ఇంగ్లండుకు దగ్గరగా ఉండే న్యూఫౌండ్‌లాండ్‌ను ఎంచుకున్నాడు.

డిసెంబరు 6న జార్జ్ కెంప్, పేజెట్ అనే ఇద్దరు సహాయకులతో సెయింట్ జాన్స్ రేవులో దిగాడు. అక్కడ స్తంభాలు కట్టే వ్యవధి లేదు. ఊరి బయట సిగ్నల్ హిల్ అనే కొండ మీద, గాలిపటంతోనో బెలూనుతోనో తీగను పైకి ఎగరేయాలని ఆలోచన. పతంగులు ఎగరేసిన హైదరాబాదు వాళ్లకు ఆ పని ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఇక్కడ మాంజా బదులు 500 అడుగుల రాగితీగ, సంక్రాంతి గాలి బదులు చలికాలపు అట్లాంటిక్ తుపాను. బెలూను తెంచుకుని పోయింది. ఒక పతంగీ పోయింది. 12వ తేదీన మరో పతంగి నిలిచింది.

పోల్డూకు కేబుల్ ద్వారా ముందే కబురు వెళ్లింది: రోజూ అక్కడి మధ్యాహ్నం 3 నుంచి 6 గంటల దాకా మోర్స్ సంకేతంలో ఎస్ అక్షరం పంపుతూ ఉండాలి. మోర్స్‌లో ఎస్ అంటే మూడు చుక్కలు, గీత లేదు. పోల్డూలోని భారీ పరికరాలకు పొడవాటి గీతలు పంపడం భారం, చుక్కలు తేలిక. పనికి అది సులువే. రుజువుకు మాత్రం అదే ముప్పు తెచ్చింది. ఎలాగో చెబుతాను.

గాలికి పతంగి పైకీ కిందకీ ఊగుతుంటే ఏరియల్ లక్షణం క్షణక్షణం మారిపోతుంది. అందువల్ల మార్కోనీ తెచ్చుకున్న ట్యూన్ చేసిన రిసీవర్ ఏ తరంగదైర్ఘ్యం దగ్గరా నిలవలేదు. దాన్ని పక్కన పెట్టి, ట్యూనింగే లేని సాదా రిసీవర్ తగిలించాడు. ట్యూనింగ్ లేదంటే మన డయల్ మీద ఉన్న అన్ని స్టేషన్లకూ తలుపు ఒకేసారి తెరిచినట్టు. అప్పట్లో వేరే స్టేషన్లు చాలా తక్కువ కాబట్టి ఫరవాలేదు, కానీ మెరుపుల గరగర మొత్తం లోపలికి వస్తుంది.

తరంగాన్ని పసిగట్టే భాగాన్ని కోహెరర్ అనేవారు. మామూలు కోహెరర్ గాజుగొట్టంలో లోహపు రజను. తరంగం తగిలితే రజను అతుక్కుని కరెంటును పోనిస్తుంది. దాన్ని మళ్లీ విడదీయడానికి చిన్న సుత్తితో తట్టాలి. అది కాగితపు టేపు మీద చుక్క గీయించగలదు, కానీ బలమైన సంకేతం కావాలి. మార్కోనీ ఆ రోజు వాడింది ఇంకో రకం, పాదరసపు కోహెరర్. తట్టక్కర్లేకుండా తనంతట తానే సర్దుకుంటుంది. దానికి టెలిఫోను ఇయర్‌పీస్ తగిలిస్తే, టేపుకు అందనంత సన్నటి టిక్కు కూడా చెవికి అందుతుంది. ఇటలీ నౌకాదళ అధికారి సొలారి దాన్ని మార్కోనీకి ఇచ్చాడు కాబట్టి ఇటలీ నేవీ కోహెరర్ అని పేరొచ్చింది. అయితే ఇనుము, పాదరసం, టెలిఫోను కలిపి తనంతట తాను సర్దుకునే కోహెరర్ గురించి మన జగదీశ్ చంద్రబోస్ 1899లోనే లండన్ రాయల్ సొసైటీకి పత్రం సమర్పించారు. ఆ పరికరానికి మూలం బోసుదేనని 1998లో అమెరికాలోని ఇంజినీర్ల సంస్థ ఐఇఇఇ తన పత్రికలో వచ్చిన వ్యాసం వాదించింది. సముద్రం దాటిన ఆ కబురు చెవిలో పడ్డ చోట కలకత్తా పరిశోధన కూడా ఉందన్నమాట.

అక్కడి వేళ మధ్యాహ్నం 12:30. పోల్డూలో సాయంత్రం 4 గంటలు, పొద్దు వాలుతోంది. సముద్రం మీద దారిలో ఎక్కువ భాగం ఇంకా ఎండలోనే ఉంది. మార్కోనీ చెవికి మూడు సన్నటి టిక్కులు అందాయి. ఇయర్‌పీస్ కెంప్‌కు ఇచ్చాడు. తనకూ వినిపించిందన్నాడు కెంప్. 1:10కి మళ్లీ, 2:20కి మళ్లీ. మర్నాడు కొద్దిగా. తర్వాత గాలి కుదరనివ్వలేదు. టేపు లేదు. మూడో మనిషి లేడు. రెండు జతల చెవులు, ఒక డైరీ.

ఇప్పుడు మా మాస్టారు చింతచెట్టు కింద నిలబడి అడిగిన ప్రశ్న వేద్దాం.

ఆ స్పార్కు ట్రాన్స్‌మిటర్ నుంచి ఇయర్‌పీస్‌లో వచ్చేది సంగీతపు స్వరం కాదు, టిక్కులే. వాతావరణంలో మెరుపుల వల్ల వచ్చేవీ టిక్కులే. వరుసగా మూడు టిక్కుల కోసం గంటల తరబడి చెవి రిక్కించి కూర్చున్నవాడికి, వందల టిక్కుల్లో ఎక్కడో ఒకచోట మూడు వరుసగా దొరకవా? పైగా ఏ అక్షరం వస్తుందో వినేవాళ్లకు ముందే తెలుసు. ఇదే నేను చెప్పిన ముప్పు. పోల్డూలో ఒకరు చీటీలు తీసి ఏ అక్షరం వస్తే అది పంపి, సీలువేసిన కవరులో రాసిపెట్టి, ఇటువైపు విన్న అక్షరాలను రాసి, రెండు జాబితాలనూ తర్వాత పోల్చి ఉంటే వాదనే ఉండేది కాదు. వినేవాడికి చెప్పకుండా మధ్యలో పావుగంట ట్రాన్స్‌మిటర్ ఆపి చూసినా సరిపోయేది. మాస్టారు ఏరియల్ ఊడదీసినట్టు.

ఆ లోపం నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఉద్యోగంలోనూ అదే చేశాను. ఇరవై ఏళ్ల క్రితం మాదాపూర్‌లో ఒక రిసీవర్‌ను పరీక్షిస్తూ, అనుకున్నదానికి రెండింతల దూరం అందుతోందని మీటింగులో గర్వంగా ప్రకటించాను. ఒక జూనియర్ అమ్మాయి వెళ్లి దూరాన ఉన్న ట్రాన్స్‌మిటర్ ఏరియల్ తీసేసి, ఆ చోట డమ్మీ లోడ్ పెట్టి వచ్చింది. సంకేతం అలాగే వస్తోంది. రెండు పరికరాలనూ కలిపిన కరెంటు వైరు గుండా అది కారుతోందని అప్పుడు తెలిసింది. అందుకే సన్నటి సంకేతం వచ్చిందంటే నేను ముందు అడిగేది "ఆపితే పోయిందా?" అని.

ఇక రెండో అనుమానం ఇంకా బలమైనది. పోల్డూ తరంగదైర్ఘ్యం 366 మీటర్లని ఫ్లెమింగ్ తర్వాత చెప్పాడు. అంటే సుమారు 820 కిలోహెర్ట్జ్. మన రేడియో డయల్ మీద అది ఎక్కడుంది? మీడియం వేవ్‌లో, హైదరాబాద్ 738కీ విజయవాడ 837కీ మధ్య, విజయవాడకు ఆనుకుని. అంటే మార్కోనీ ప్రయోగాన్ని మనం రోజూ ఇంట్లో చేసినవాళ్లమే! ఆ తరంగం పగలు ఎంత దూరం పోతుందో, రాత్రి ఎంత దూరం పోతుందో మన అమ్మమ్మలకు కూడా తెలుసు. పగలు మన కేంద్రం, మహా అయితే పక్క కేంద్రం. పొద్దుగూకితే ముల్లు ఎక్కడ పెట్టినా ఏదో ఒక ఊరు పలికేది. అర్థంకాని భాషల్లో వార్తలు, అలల్లా పెరిగి తగ్గే పాటలు.

దానికి కారణం ఆకాశంలో ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైగాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. వంద కిలోమీటర్ల పైనుంచి మొదలయ్యే పొరలు మీడియం వేవ్‌కు అద్దంలా పనిచేసి, తరంగాన్ని కిందికి తిప్పుతాయి. 240 కిలోమీటర్ల ఉబ్బును తరంగం దాటింది దాన్ని చుట్టి కాదు, పైకి వెళ్లి ఈ పొరకు తగిలి, కిందికి దిగి, అవసరమైతే సముద్రానికి తగిలి మళ్లీ పైకి లేచి. అయితే పగటిపూట ఈ అద్దానికి కింద, అరవై నుంచి తొంభై కిలోమీటర్ల మధ్య ఇంకో పొర ఏర్పడుతుంది. అక్కడ గాలి కాస్త చిక్కన. ఊగే ఎలక్ట్రాన్లు అణువులకు గుద్దుకుని తరంగం శక్తిని వేడిగా మార్చేస్తాయి. అద్దం ముందు దుప్పటి కప్పినట్టు. పొద్దుగూకిన కాసేపటికే ఆ ఎలక్ట్రాన్లు తిరిగి అణువుల్లో కలిసిపోతాయి, దుప్పటి తొలగిపోతుంది. పైపొర రాత్రంతా మిగులుతుంది. రాత్రి రేడియో రహస్యం ఇంతే.

మరి మార్కోనీ విన్నది మిట్టమధ్యాహ్నం కదా? దుప్పటి కప్పి ఉన్న వేళ, 3,500 కిలోమీటర్లు, 820 కిలోహెర్ట్జ్. వైర్‌లెస్ ఇంజినీరు ఎవరినడిగినా కష్టమే అంటాడు. అందుకే వాదన. ఆయన పక్షాన చెప్పదగిన మాట ఒకటుంది. స్పార్కు ఒకే తరంగదైర్ఘ్యాన్ని పుట్టించదు. 366 మీటర్లతో పాటు అంతకంటే చిన్న తరంగాలూ దాని నుంచి వెదజల్లబడతాయి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ దుప్పటి పీల్చుకోవడం వేగంగా తగ్గిపోతుంది. షార్ట్‌వేవ్ పగలు కూడా ఖండాలు దాటేది అందుకే. రిసీవర్‌కు ట్యూనింగ్ లేదు కాబట్టి ఏ తరంగం వచ్చినా అది పట్టుకోగలదు. ఊగే పతంగి చేయించిన రాజీయే ఆయన్ని గట్టెక్కించి ఉండవచ్చు. లేదా అవి మెరుపుల టిక్కులే కావచ్చు. ఆ రోజు ఏది జరిగిందో తేల్చే ఆధారం మిగలలేదు.

మార్కోనీ గొప్పతనం నాకు డిసెంబరులో కంటే రెండు నెలల తర్వాత ఎక్కువగా కనిపిస్తుంది. అనుమానాలు వచ్చినప్పుడు ఆయన ఉపన్యాసాలివ్వలేదు. 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అనే ఓడెక్కాడు. ఈసారి పతంగి లేదు, స్తంభానికి కట్టిన ఏరియల్. ట్యూన్ చేసిన రిసీవర్. చెవికి బదులు టేపు. పోల్డూ పంపుతుంటే ఓడ రోజురోజుకూ దూరం జరుగుతూ పోయింది. టేపు మీద పడిన చుక్కల పక్కన ఓడ ఉన్న చోటు రాసి, కెప్టెన్ చేత సంతకం పెట్టించాడు. రాత్రిపూట పూర్తి సందేశాలు సుమారు 2,500 కిలోమీటర్ల దాకా, ఎస్ అక్షరం 3,380 కిలోమీటర్ల దాకా అందాయి. పగటిపూట మాత్రం 1,100 కిలోమీటర్లు దాటగానే ఏమీ లేదు. అట్లాంటిక్ దాటడం సాధ్యమేనని ఆ టేపు నిరూపించింది. పగలూ రాత్రీ తేడాను కూడా ప్రపంచానికి మొదట చూపించింది అదే. తన డిసెంబరు మాట మీద అనుమానం పెంచే ఆ తేడాను ఆయన దాచలేదు, అచ్చువేయించాడు.

అదే 1902లో అమెరికాలో కెనెలీ, ఇంగ్లండులో హెవిసైడ్ ఎవరికి వారే, పైన విద్యుత్తును పోనిచ్చే పొర ఉండి ఉండాలని రాశారు. అది నిజంగా ఉందని ఆపిల్టన్, బార్నెట్ 1924లో చూపించారు. వాళ్లు వాడుకున్నది బీబీసీ ప్రసార కేంద్రాన్నే. నేల మీదుగా వచ్చిన తరంగం, ఆకాశానికి తగిలి వచ్చిన తరంగం కలిసినప్పుడు శబ్దం పెరిగి తగ్గుతుంది. ఫ్రీక్వెన్సీని మెల్లగా మారుస్తూ, ఎన్నిసార్లు పెరిగి తగ్గిందో లెక్కపెట్టి పొర ఎత్తు కనుక్కున్నారు. చిన్నప్పుడు రాత్రి పాట మధ్యలో గొంతు సన్నగిల్లితే రేడియో నెత్తిన కొట్టేవాళ్లం గుర్తుందా? తప్పు రేడియోది కాదు. రెండు దారుల తగాదా అది. తర్వాతి కాలంలో మన వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు గారు ఈ పొరల మీదే పరిశోధనకు పెద్ద కేంద్రాన్ని నిలబెట్టారు.

ఇక చుక్కల నుంచి మాటకు ఎలా వచ్చాం? పోల్డూ స్పార్కుతో పాట పంపలేం. కారణం మన సంగీతంలోనే ఉంది. స్పార్కు అంటే గుడిగంట కొట్టినట్టు. కొట్టగానే మోగి, ఆ వెంటనే చచ్చిపోతుంది. గంటలు కొడుతూ గాత్రం వినిపించలేం. గాత్రానికి కింద తెగకుండా సాగే శ్రుతి కావాలి. రేడియోలో కూడా తెగని, సమానమైన తరంగం ముందుండాలి. గొంతు హెచ్చుతగ్గులను బట్టి దాని బలాన్ని హెచ్చించి తగ్గిస్తే, అవతల డయోడు ఆ హెచ్చుతగ్గులను మళ్లీ గొంతుగా విప్పుతుంది. నా క్రిస్టల్ సెట్ చేసిన పని అదే. తెగని తరంగాన్ని వేగంగా తిరిగే ఆల్టర్నేటర్‌తో పుట్టించి, ఫెసెండెన్ 1906 డిసెంబరులో అమెరికాలో మాటను పంపి చూపించాడు. అదే రోజుల్లో డి ఫారెస్ట్ చేసిన మూడు ఎలక్ట్రోడ్ల వాల్వు, తర్వాతి ఏళ్లలో చవకగా తెగని తరంగాన్ని పుట్టించే సాధనమైంది. 1920 నాటికి ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ప్రసారాలు మొదలయ్యాయి. 1924లో మద్రాసులో రేడియో క్లబ్బు పెట్టారు. 1930ల తొలినాళ్లలో మన ఆబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో మహబూబ్ అలీ అనే తంతి తపాలా ఉద్యోగి 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో సొంత కేంద్రం నడిపాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తర్వాత సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ వచ్చింది. దక్కన్ రేడియో 411 మీటర్ల మీద పలికేది. పోల్డూ 366, దక్కన్ 411. డయల్ మీద ఇరుగుపొరుగే. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది.

ఆ 200 వాట్లతో ఊరికి మాత్రమే పాడాలనుకున్నా, రాత్రయ్యేసరికి ఆకాశం దాన్ని ఎక్కడికో మోసుకుపోతుంది. వరం అదే, చిక్కూ అదే. ఎక్కడో దూరాన అదే స్థానంలో ఉన్న కేంద్రం మన కేంద్రం మీద పడి ఈల వేస్తుంది. అందుకే దేశాలన్నీ కూర్చుని మీడియం వేవ్‌ను పంచుకోవాల్సి వచ్చింది. మన ప్రాంతాల్లో మీడియం వేవ్ స్థానాలు 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంలో ఉంటాయి. 738ని 9తో భాగించండి, 837ని భాగించండి, శేషం రాదు. సర్దుబాటు చేసుకోక తప్పని పరిస్థితి ఆ పొర తెచ్చిపెట్టిందే.

ఈ ప్రసంగం కోసం పోయిన నెలలో ఒక పాత ట్రాన్సిస్టర్ తీసుకుని ఆఫీసుకెళ్లాను. మధ్యాహ్నం 12:30కి డయల్ తిప్పితే గుర్రుమనే శబ్దం తప్ప ఏమీ లేదు. అది ఆకాశం తప్పు కాదు. ఎల్‌ఈడీ దీపాలు, చార్జర్లు, కంప్యూటర్ల కరెంటు పెట్టెలు అన్నీ మీడియం వేవ్‌లోనే గరగరలాడతాయి. పరీక్ష సులువు: రేడియోను చార్జరు దగ్గరకు తెస్తే గోల పెరుగుతుంది, దూరం జరిపితే తగ్గుతుంది. కిందికి దిగి దుర్గం చెరువు గట్టుకు వెళ్లాను. హైదరాబాద్ స్పష్టంగా, విజయవాడ సన్నగా వచ్చాయి. రాత్రి తొమ్మిదికి అదే చోట నిలబడ్డాను. డయల్ నిండా ఊళ్లు. విజయవాడ ఒకసారి ఉప్పొంగి, ఒకసారి మునిగింది. ఈసారి మోసపోలేదులెండి. రేడియోను అటూ ఇటూ తిప్పి చూశాను. లోపలి ఫెరైట్ కడ్డీ కొస ఆ ఊరివైపు తిరిగినప్పుడు సంకేతం తగ్గింది, అడ్డంగా పెడితే పెరిగింది. నా ఊహ అయితే దిక్కు పట్టించుకోదు కదా.

ఆ గట్టు మీద నిలబడితే చుట్టూ సెల్ టవర్లే. ఆ తరంగాల ఫ్రీక్వెన్సీ పోల్డూకు వెయ్యి రెట్ల పైన. ఆకాశపు అద్దం వాటిని ఆపదు, అవి దూసుకుని అంతరిక్షంలోకి పోతాయి. అందుకే ప్రతి నాలుగు మేడలకూ ఒక టవరు కావాలి. మరి మన పిల్లలు అమెరికాతో మాట్లాడే మాట సముద్రం ఎలా దాటుతోంది? తీగ మీదే. టవరు నుంచి నేలలోకి దిగి, ముంబయి, చెన్నై తీరాల్లో సముద్రంలోకి వెళ్లే గాజుపోగుల కేబుళ్లలో. మార్కోనీ కబురు పేపర్లలో రాగానే, న్యూఫౌండ్‌లాండ్‌లో టెలిగ్రాఫు మీద గుత్తహక్కు ఉన్న కేబుల్ కంపెనీ కోర్టుకెక్కుతామని ఆయన్ని అక్కడి నుంచి పంపించేసింది. ఆయన కెనడాకు పోయి అక్కడ కేంద్రం కట్టుకున్నాడు. ఇప్పుడు చూస్తే, సముద్రం దగ్గర గెలిచింది కేబులే.

మా మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఆ ఏరియల్ తీగ ఎప్పుడు ఊడదీశారు, నేను ఎన్ని నిమిషాలు లేని పాట విన్నాను అని అడగాలని చాలాసార్లు అనుకున్నాను, అడగలేదు. ఆ క్రిస్టల్ సెట్టు బయట బల్ల మీద పెట్టాను. నలభై ఏళ్ల నాటి డయోడే. భోజనాలయ్యాక తీగ కట్టి చూద్దాం. విజయవాడ వస్తోందని ఎవరైనా అంటే, దయచేసి మిగతావాళ్లు వాళ్ల వెనక నిలబడండి.